వెయ్యి లీటర్లలో ఎవరి వాటా ఎంత? ఎం30 మిక్స్‌లో కంకర, ఇసుక బరువులు తేల్చే లెక్క

(విశాఖపట్నంలో సైట్ ఇంజనీర్లు, బ్యాచింగ్ ప్లాంట్ సిబ్బంది, డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. బోర్డు మీద వేసిన లెక్కలు అక్కడక్కడా కలిపాం.)

వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ బకెట్ చూడండి, పది లీటర్లది. ఇందులో 20 ఎంఎం మెటల్, అదే కంకర, అంచుదాకా నింపి, పైన చెక్కతో చదును చేసి తెచ్చాను. తూకం వేస్తే బకెట్ బరువు పోగా 16 కిలోలు వచ్చింది. ఇప్పుడు ఇందులో ఎన్ని నీళ్లు పడతాయో ఎవరైనా చెప్పండి. ఒక లీటరా? రెండా? తమ్ముడూ, ఆ జగ్గు తీసుకుని నువ్వే పొయ్యి, కొలుస్తూ పొయ్యి. ఆ... ఒకటి, రెండు, మూడు, ఇంకా పడుతోంది... నాలుగు అయిపోయింది, ఇంకొంచెం కూడా పట్టింది. చాలు, ఆపు.

అంటే పది లీటర్ల మెటల్ అని మనం అనుకున్న దాంట్లో నిజంగా రాయి ఉన్నది ఆరు లీటర్లు కూడా లేదు. మిగతాదంతా గాలి. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. బకెట్ కొలతని బట్టి లీటరుకి 1.6 కిలోలు, అది బల్క్ డెన్సిటీ. రాయి తాలూకు సొంత లెక్క చూస్తే లీటరుకి 2.75 కిలోలు, అది రాయి అసలు సాంద్రత, మనం స్పెసిఫిక్ గ్రావిటీ అని పిలిచేది ఇదే. ఒకే రాయికి రెండు సాంద్రతలు, రెండూ కరెక్టే, కానీ మిక్స్ డిజైన్‌లో ఎక్కడ ఏది వాడాలో తేడా పడితే మొత్తం లెక్క పోతుంది. ఎంత పోతుందో కాసేపట్లో అంకెల్లో చూపిస్తాను.

ముందు మన కేసు చెప్పుకుందాం. బీచ్ రోడ్డుకి దగ్గరలో ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు అనుకోండి, స్తంభాలూ దూలాలూ పోయాలి. సముద్రం గాలి నేరుగా తగిలే చోటు కాబట్టి ఐఎస్ 456 ప్రకారం ఇది సివియర్ ఎక్స్‌పోజర్ కిందకి వస్తుంది. అంటే ఎం30కి తగ్గకూడదు, క్యూబిక్ మీటరుకి సిమెంటు 320 కిలోలకి తగ్గకూడదు, నీళ్లు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. ఈ మూడూ ముందే ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. చివర్లో మనకొచ్చిన అంకెలు వీటిని దాటలేదని చూసుకోవాలి. చాలామంది బలం వచ్చేసింది కదా అని ఇక్కడ ఆగిపోతారు, విశాఖలో అది కుదరదు. ఉప్పుగాలికి క్యూబ్ బలంతో పనిలేదు, అది కాంక్రీట్‌లో ఎన్ని సందులున్నాయో చూసుకుని లోపలికెళ్లి కమ్మీని పట్టుకుంటుంది.

ఇప్పుడు టార్గెట్. ఎం30 అంటే సరిగ్గా 30కి డిజైన్ చేస్తే పోసిన క్యూబుల్లో దాదాపు సగం 30 కంటే కింద పడతాయి. ఏ రెండు బ్యాచ్‌లూ ఒకేలా రావు కదా. వందలో ఐదుకి మించి కింద పడకూడదనేది షరతు. అందుకని ఐఎస్ 10262, 2019 వెర్షన్ ఏమంటుందంటే, 30కి 1.65 ఇంటు 5 కలపండి, లేదా 30కి 6.5 కలపండి, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. మొదటిది 38.25, రెండోది 36.5. కాబట్టి మన టార్గెట్ 38.25. ఆ 5 అన్నది స్టాండర్డ్ డీవియేషన్, మీ దగ్గర సొంత క్యూబ్ రికార్డు లేనప్పుడు కోడ్ ఇచ్చే అంకె, అదీ సైటు కంట్రోల్ బాగున్నప్పుడు. తూకం లేకుండా గమేళాలతో కొలిచి పోసే సైటైతే ఆ 5కి ఇంకో 1 కలపమంటుంది, అప్పుడు టార్గెట్ దాదాపు 40కి పోతుంది. అంటే తూకం సరిగా లేని ప్రతి సైటూ ఆ లోటుకి సిమెంటు రూపంలో డబ్బు కడుతుందన్నమాట.

ఈ 38.25కి నీళ్లు-సిమెంటు నిష్పత్తి ఎంత? కోడ్‌లో గ్రాఫ్ ఉంది, అయితే అది మొదటి ట్రయల్‌కి మాత్రమే. మీ ప్లాంట్‌లో అదే సిమెంటుతో, అదే రాయితో చేసిన పాత ట్రయల్స్ ఉంటే గ్రాఫ్ కన్నా వాటినే నమ్మండి. మనం ఈ రోజుకి 0.43 తీసుకుందాం. 0.45 కంటే తక్కువే కాబట్టి మన్నిక షరతు కూడా తీరింది.

నీళ్లు. 20 ఎంఎం పగలగొట్టిన రాయికి, 50 ఎంఎం స్లంప్‌కి కోడ్ ఇచ్చేది 186 లీటర్లు. మనకి కమ్మీ దట్టంగా ఉంది, 100 స్లంప్ కావాలి. ప్రతి 25 ఎంఎంకి మూడు శాతం పెంచాలి కాబట్టి ఆరు శాతం పెంచితే 197. ఇక్కడ అడ్‌మిక్చర్ పనికొస్తుంది. మంచి సూపర్‌ప్లాస్టిసైజర్ ఒక శాతం డోసులో నీళ్లని ఇరవై శాతం దాకా తగ్గించగలదు, ఎంత తగ్గిస్తుందో మీ సిమెంటుతోనే ట్రయల్ వేసి చూడాలి. మనం 160 లీటర్లు అనుకుందాం. 160ని 0.43తో భాగిస్తే సిమెంటు 372 కిలోలు. పక్కన పెట్టిన కాగితం చూడండి, 320 కంటే ఎక్కువే, అలాగని కోడ్ పెట్టిన 450 పరిమితి దరిదాపుల్లో కూడా లేదు. బాగుంది.

ఇక్కడిదాకా అందరికీ వచ్చు. ఇక అసలు సంగతి.

సిమెంటు తేలింది, నీళ్లు తేలాయి. మెటల్ ఎంత, ఇసుక ఎంత? ఒకటి, ఒకటిన్నర, మూడు అని పాడుకునే పద్ధతి మనకొద్దు. ఒక క్యూబిక్ మీటర్ అంటే వెయ్యి లీటర్ల పెట్టె. ఆ పెట్టె పూర్తిగా కుదించిన కాంక్రీట్‌తో నిండి ఉందనుకోండి. అందులో ప్రతి గింజా తన సొంత ఒంటికి ఎంత చోటు కావాలో అంతే తీసుకుంటుంది. మెటల్ మధ్య సందుల్లోకి ఇసుక వెళ్తుంది, ఇసుక మధ్య సందుల్లోకి సిమెంటు పేస్టు వెళ్తుంది. కాబట్టి సందుని ఎవరి ఖాతాలోనూ వేయకూడదు. సందుల్ని వదిలేసి ఒంటి ఘనపరిమాణాలు మాత్రమే కూడితే వెయ్యి లీటర్లు రావాలి. అబ్సొల్యూట్ వాల్యూమ్ అంటే ఇంతే. తెలిసినవన్నీ వెయ్యిలోంచి తీసేస్తే మిగిలేది మెటల్‌దీ ఇసుకదీ. ప్రతిదాని లీటర్లు కావాలంటే దాని కిలోల్ని దాని స్పెసిఫిక్ గ్రావిటీతో భాగించాలి, మళ్లీ కిలోలు కావాలంటే గుణించాలి. బోర్డు మీద చూడండి:

```
గాలి                     10.0 లీ.
సిమెంటు   372 / 3.15  = 118.1 లీ.
నీళ్లు     160 / 1.00  = 160.0 లీ.
అడ్‌మిక్చర్ 3.72 / 1.10 =   3.4 లీ.
మొత్తం                  291.5 లీ.
మిగిలింది 1000 - 291.5 = 708.5 లీ.
```

గాలి పది లీటర్లు ఎక్కడిది అంటారేమో. వైబ్రేటర్ ఎంత పెట్టినా చిక్కుకుపోయే గాలి కొంత ఉంటుంది. 20 ఎంఎం మెటల్‌కి ఒక శాతం అని 2019 కోడ్ చెప్తుంది. 2009 వెర్షన్‌లో ఈ గాలిని లెక్కలోకి తీసుకోలేదు, అందుకే పాత షీట్లు ఇంకా వాడుతున్నవాళ్లకి ఈ వరుసే ఉండదు. మీ ప్లాంట్ షీట్‌లో ఉందో లేదో ఇంటికెళ్లాక చూసుకోండి.

708.5 లీటర్లని మెటల్‌కీ ఇసుకకీ పంచాలి. ఇసుక జల్లెడ పరీక్షలో జోన్ 2 వచ్చింది అనుకుందాం. నీళ్లు-సిమెంటు నిష్పత్తి 0.5 ఉన్నప్పుడు, 20 ఎంఎం మెటల్‌కి, జోన్ 2 ఇసుకకి, మెటల్ వాటా 0.62 అని టేబుల్ ఇస్తుంది. మన నిష్పత్తి 0.43. ప్రతి 0.05 తగ్గినప్పుడు మెటల్ వాటా 0.01 పెంచాలి, ఎందుకంటే సిమెంటు ఎక్కువయ్యేకొద్దీ ఆ మెత్తని పొడే సందులు నింపుతుంది, ఇసుక అవసరం కాస్త తగ్గుతుంది. లెక్క వేస్తే 0.014 పెరిగి 0.634 అవుతుంది. మెటల్ 449.2 లీటర్లు, ఇసుక 259.3 లీటర్లు.

ఇవి లీటర్లు. ప్లాంట్‌లో ఉండేది తూకం, దానికి లీటర్లతో పనిలేదు. కాబట్టి సాంద్రతతో గుణించాలి. మన మెటల్ అనకాపల్లి వైపు క్వారీ నుంచి వచ్చిన నల్లరాయి, స్పెసిఫిక్ గ్రావిటీ 2.75. ఇసుక నాగావళిది, 2.62. మెటల్ 449.2 ఇంటు 2.75, అంటే 1235 కిలోలు. ఇసుక 259.3 ఇంటు 2.62, అంటే 679 కిలోలు. మెటల్‌ని 20 ఎంఎం అరవై, 10 ఎంఎం నలభై చొప్పున విడగొడితే 741, 494. అన్నీ కూడితే క్యూబిక్ మీటరుకి సుమారు 2450 కిలోలు. ఈ 2450 గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతోనే దొంగని పట్టుకుంటాం.

ఇప్పుడు బకెట్ సంగతి. ఎవరో ఒకరు, "సాంద్రత అంటే కిలోలు బై లీటర్లు కదా" అని బకెట్ తూకం వేసి వచ్చిన 1.6ని ఇక్కడ పెట్టారనుకోండి, ఇసుకకి కూడా 1.6 పెట్టారనుకోండి. మెటల్ 719 కిలోలు, ఇసుక 415 కిలోలు వస్తాయి. కాగితం మీద అంతా నీట్‌గా ఉంటుంది. కానీ ఆ బ్యాచ్ మిక్సర్లోంచి దింపితే ఎంత వస్తుంది? మెటల్ ఒంటి చోటు 261 లీటర్లు, ఇసుకది 158, మిగతావి 292. మొత్తం 711 లీటర్లు. ఆరు క్యూబిక్ మీటర్ల లోడు అని బిల్లేసి పంపిస్తే సైటులో నాలుగుంపావు దిగుతుంది. సిమెంటు క్యూబిక్ మీటరుకి 372 అనుకున్నది నిజానికి 520 దాటుతుంది. క్యూబులు బ్రహ్మాండంగా వస్తాయి! అదే ప్రమాదం, క్యూబ్ పాసైంది కదా అని ఎవరూ అడగరు, స్లాబు మాత్రం ఎండుబీటలు తీస్తుంది, సిమెంటు వేడికి లోపల ఉడికిపోతుంది, మేస్త్రి నీళ్లు చల్లలేదని తిట్లు తింటాడు.

ఇంత పెద్ద తప్పు ఎవరూ చేయరులే సార్ అంటారు. నిజమే, ఇది విద్యార్థులే చేస్తారు. ఇంజనీర్లు చేసే తప్పు చిన్నది, అందుకే దొరకదు. అది షీట్‌లో 2.65 అని ఎప్పుడో ఎవరో పెట్టిన అంకె అలాగే ఉండిపోవడం. రాయి క్వారీ మారింది, క్రషర్ మారింది, ఆ గడి మాత్రం మారదు. మన తూర్పుకనుమల్లో ఒక కొండ రాయి ఇంకో కొండ రాయిలా ఉండదు. నల్లగా గట్టిగా ఉండే చార్నొకైట్ ఒకటి, ఎర్రగా మెత్తబడి ఉండే ఖోండలైట్ ఇంకొకటి. ఖోండలైట్ కలిసిన మెటల్‌ని చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, అంచులు రాలుతుంటాయి. లోడులో అది కలిస్తే సాంద్రతా మారుతుంది, నీళ్లు పీల్చడమూ మారుతుంది. కాబట్టి ప్రతి క్వారీకీ, రాయి రంగు మారిన ప్రతిసారీ పరీక్ష మళ్లీ చేయాలి.

పరీక్ష ఎలా చేస్తారో తెలుసు కదా, కానీ దాంట్లో ఏ అంకె తీసుకోవాలన్నది చాలామందికి తెలియదు, అందుకే ఒక నమూనా వేస్తాను. రెండు కిలోల పైచిలుకు మెటల్ కడిగి, వైరు బుట్టలో వేసి ఇరవై నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టండి. నీళ్లలో ఉండగానే బుట్టతో సహా తూకం వేసి, బుట్ట బరువు తీసేయండి, అనుకుందాం 1279 గ్రాములు వచ్చింది. బయటికి తీసి పాత తువాలు మీద పరిచి పైన మెరిసే తడి పోయేదాకా తుడవండి. రాయి లోపల తడిగా, పైన పొడిగా ఉండాలి, దీన్నే ఎస్ఎస్‌డీ అంటారు. అప్పుడు గాల్లో తూకం 2010. తర్వాత ఓవెన్‌లో ఒక రోజు ఆరబెడితే 2000.

ఇప్పుడు చూడండి, ఇదే రాయికి మూడు అంకెలు పుడతాయి. రాయి చోటు 2010 మైనస్ 1279, అంటే 731. 2010ని 731తో భాగిస్తే 2.75. 2000ని 731తో భాగిస్తే 2.74. 2000ని, 2000 మైనస్ 1279తో, అంటే 721తో భాగిస్తే 2.77. మొదటిది ఎస్ఎస్‌డీ మీద, రెండోది ఓవెన్‌లో ఆరిన బరువు మీద, మూడోది అపారెంట్. ల్యాబ్ రిపోర్టులో ఏదో ఒకటే రాసిచ్చి, ఏదో చెప్పరు. మన నీళ్ల లెక్కంతా రాయి ఎస్ఎస్‌డీలో ఉందనే ఊహ మీద నడుస్తుంది, కాబట్టి మనకి కావలసింది మొదటిది. ఈ రాయికి తేడా తక్కువే, ఎందుకంటే పీల్చేది అర శాతమే. రెండు శాతం పీల్చే రోబో శాండ్‌కి అయితే ఈ మూడూ బాగా దూరం జరుగుతాయి. ల్యాబ్‌కి ఫోన్ చేసి ఏ స్థితి మీద ఇచ్చారో అడగడానికి మొహమాటపడకండి.

తప్పు అంకె పెడితే ఏమవుతుందో చూద్దాం. అసలు 2.75 ఉన్న రాయికి షీట్‌లో 2.65 ఉందనుకోండి. మెటల్ 1190 కిలోలే వేస్తారు. ఆ 1190 కిలోల రాయి తీసుకునే చోటు 433 లీటర్లు, మనం వదిలింది 449. పదహారు లీటర్లు తక్కువ. వెయ్యికి పదహారు, ఏముందిలే అనిపిస్తుంది. కానీ వంద క్యూబిక్ మీటర్ల ర్యాఫ్ట్ పోసేటప్పుడు ఒకటిన్నర క్యూబిక్ మీటర్ల పైనే తగ్గి, రాత్రి పన్నెండింటికి ఒక మూలలో కాంక్రీట్ చాలక, ప్లాంట్‌కి ఫోన్ చేసి, వాళ్లు పడుకుని, జాయింట్ పడిపోయి, ఆ టెన్షన్ అంతా షీట్‌లో ఒక గడి వల్లే అని ఎవరికీ తట్టదు. షట్టరింగ్ ఉబ్బిందనో, లారీవాడు దారిలో దింపేశాడనో అనుకుంటారు.

సిమెంటు దగ్గర కూడా ఇదే కథ, మన ఊళ్లో ఇంకొంచెం ఎక్కువ. ఇక్కడ స్టీల్ ప్లాంట్ స్లాగ్ ఉంది కాబట్టి స్లాగ్ సిమెంటు వాడకం ఎక్కువ, సముద్రం పక్కన అది మంచిదే. కానీ దాని స్పెసిఫిక్ గ్రావిటీ 3.15 కాదు, 2.9 దగ్గరలో ఉంటుంది. కిరోసిన్ పోసి లె షాటెలియర్ ఫ్లాస్క్‌లో చూస్తే తెలిసిపోతుంది. 372 కిలోలకి 118 లీటర్లు అనుకున్నది 128 అవుతుంది. ఈ పది లీటర్లు ఇసుక, మెటల్ నుంచి తగ్గించకపోతే పెట్టె పొంగుతుంది. ఒక క్యూబిక్ మీటర్ అనుకున్నది కాస్త ఎక్కువ వస్తుంది, కస్టమర్ సంతోషిస్తాడు, కానీ ప్రతి క్యూబిక్ మీటర్‌లో సిమెంటు ఒక శాతం తక్కువ ఉంటుంది. ఓపీసీ షీట్‌లో స్లాగ్ సిమెంటు వేసి నడిపించే ప్లాంట్‌లలో జరిగేది ఇదే.

ఇక తడి. సాంద్రత సరిగా కట్టి కూడా అంతా పోగొట్టుకునేది ఇక్కడే. అక్టోబరు, నవంబరులో తుపాను పట్టి నాలుగు రోజులు ముసురు పెడితే యార్డులో ఇసుక కుప్ప ఎలా ఉంటుంది? 679 కిలోలు అని మనం తేల్చింది ఎస్ఎస్‌డీ ఇసుక. తూకం మీదకి వచ్చేది తడి ఇసుక. పొద్దున ప్లాంట్ మొదలుపెట్టే ముందు కుప్ప పైనుంచి కాదు, పక్కనుంచి లోపలికి తవ్వి అర కిలో తీయండి. పెనం మీద వేసి, గ్యాస్ పొయ్యి మీద గరిటెతో తిప్పుతూ ఆరబెట్టండి. 500 గ్రాములు 476 అయిందనుకోండి, పోయింది 24 గ్రాములు. దీన్ని 476తో భాగించాలి, 500తో కాదు. దాదాపు ఐదు శాతం. ఇసుక తనలో పీల్చుకుని దాచుకునేది ఒక శాతం, అది ఎలాగూ మిక్స్‌లోకి రాదు. మిగతా నాలుగు శాతం వచ్చి మన 160 లీటర్లలో కలుస్తుంది.

అందుకని ఎస్ఎస్‌డీ ఇసుక 679ని 1.01తో భాగిస్తే ఆరిన బరువు 672, దాన్ని 1.05తో గుణించి 706 కిలోలు తూయాలి. ఇందులో 27 లీటర్లు ఉత్త నీళ్లే. మెటల్ మాత్రం షెడ్డు కింద దాదాపు ఆరిపోయి ఉందనుకుందాం, అది తిరిగి ఐదు లీటర్లు పీల్చుకుంటుంది. కాబట్టి ట్యాంకులోంచి పోయాల్సింది 160లోంచి 27 తీసి 5 కలిపితే 138 లీటర్లు. సవరించకుండా 160 పోస్తే లోపల నీళ్లు 181 అవుతాయి, నిష్పత్తి 0.49. ముందు రాసి పెట్టుకున్న కాగితం మీద ఎంత ఉంది? 0.45. బలమూ పోయింది, మన్నికా పోయింది. పైగా ఇసుక కూడా తక్కువ పడింది. ఆపరేటర్‌కి కనబడేది స్లంప్ జారిపోవడం ఒక్కటే, దానికి ఆయన అడ్‌మిక్చర్ తగ్గిస్తాడు. స్లంప్ సర్దుకుంటుంది, నిష్పత్తి సర్దుకోదు.

ఇప్పుడు దొంగని పట్టుకునే లెక్క. మీ దగ్గర పది లీటర్ల ఇనప సిలిండర్ ఒకటి ఉండాలి, దాని అసలు ఘనపరిమాణం నీళ్లు పోసి ఒకసారి కొలిచి రాసి ఉండాలి. తాజా కాంక్రీట్‌ని పొరలుపొరలుగా నింపి, బాగా కుదించి, పైన చదును చేసి తూకం వేయండి. మన మిక్స్ అన్నీ సరిగా ఉంటే లీటరుకి 2.45 కిలోలు, అంటే 24 కిలోలన్నర రావాలి. బ్యాచ్‌లో వేసిన మొత్తం కిలోల్ని ఈ సాంద్రతతో భాగిస్తే నిజంగా ఎన్ని లీటర్లు వచ్చాయో తెలుస్తుంది. ఇందాకటి 2.65 కేసు తీసుకోండి. వేసిన బరువు మొత్తం 2405 కిలోలు. కానీ సిలిండర్ లీటరుకి 2.445 చూపిస్తుంది. భాగిస్తే 984 లీటర్లు. కాగితం మీద 2405 రావాలి, తూకం 2445 చెప్తోంది, అంటే రాయి నేను అనుకున్నదానికంటే బరువైనది. అదే సిలిండర్ తక్కువ చూపిస్తే? గాలి ఎక్కువ చిక్కిందో, నీళ్లు ఎక్కువయ్యాయో, రాయి తేలికదో. అప్పుడు ముందు గాలి మీటరు, తర్వాత తడి, ఆఖరికి స్పెసిఫిక్ గ్రావిటీ, ఈ వరుసలో వెతకండి. దీనికి పావుగంట చాలు, ఇరవై ఎనిమిది రోజులు ఆగక్కర్లేదు. నన్నడిగితే స్లంప్ కోన్ ఉన్న ప్రతిచోటా ఈ సిలిండర్ కూడా ఉండాలి, కానీ చాలా ప్లాంట్‌లలో అది ఆఫీసు తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టడానికి వాడుతున్నారు.

ఇక్కడ ప్రశ్నలు తీసుకుందాం. అడగండమ్మా.

"సార్, మాది పంపు పెట్టి పోసే పని. 0.634 మెటల్‌తో పైపు పట్టేస్తుంది కదా?"

పట్టేస్తుంది. పంపుకీ, కమ్మీ ఇరుకుగా ఉన్న చోటకీ మెటల్ వాటాని పది శాతం దాకా తగ్గించుకోవచ్చని కోడ్ చెప్తుంది. అంటే 0.57 దాకా రావచ్చు. గమనించాల్సిందేమిటంటే, ఆ 708.5 లీటర్లు మారవు, పంపకం మారుతుందంతే. 404 లీటర్ల మెటల్, 304 లీటర్ల ఇసుక పెట్టి, మళ్లీ వాటి సాంద్రతలతో గుణించాలి. కొందరు మెటల్ వంద కిలోలు తగ్గించి ఇసుక వంద కిలోలు పెంచుతారు, అది తప్పు. వంద కిలోల మెటల్ వదిలిన చోటు 36 లీటర్లు, వంద కిలోల ఇసుక తీసుకునే చోటు 38. మార్పిడి ఎప్పుడూ లీటర్లలో చేసి, ఆఖర్న కిలోల్లోకి రావాలి.

వెనకాల చెయ్యెత్తారు ఎవరో.

"ఏటి లేదు సార్, మా ప్లాంట్‌లో నాగావళి ఇసుక రావట్లేదు, రోబో శాండ్ వేస్తన్నాం. పాత డిజైన్‌లో ఇసుక బరువే వేసేస్తే సరిపోద్దా?"

సరిపోదండీ. మీ రోబో శాండ్ 2.72 అనుకుంటే, అదే 259.3 లీటర్లకి 705 కిలోలు కావాలి. 679 వేస్తే పది లీటర్ల దాకా తక్కువ పడుతుంది, అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఇంకోటుంది. రోబో శాండ్ గింజ కోణాలు కోణాలుగా ఉంటుంది, దుమ్ము ఎక్కువ, నీళ్లు ఎక్కువ అడుగుతుంది. 160 లీటర్లతో మీకు 100 స్లంప్ రాదు. అప్పుడు ఆపరేటర్ నీళ్లు పెంచకుండా, అడ్‌మిక్చర్ డోసు మార్చో, నీళ్లతో పాటు సిమెంటు కూడా అదే 0.43 మీద పెంచో కొత్తగా వెయ్యి లీటర్ల లెక్క మొదటినుంచి కట్టాలి. జల్లెడ కూడా మళ్లీ పట్టండి, జోన్ 2 కాకుండా జోన్ 1 వస్తే మెటల్ వాటా కూడా మారిపోతుంది. అప్పుడు ట్రయల్ వేసి, అది కుదిరాక నీళ్లు అంతే ఉంచి నిష్పత్తిని మాత్రం పది శాతం అటూ ఇటూ జరిపి ఇంకో రెండు ట్రయల్స్ వేయండి. మూడింటి క్యూబుల బలాన్ని గ్రాఫ్ మీద పెడితే 38.25 ఎక్కడ తగులుతుందో అక్కడ మీ రోబో శాండ్‌కి, మీ సిమెంటుకి సరిపడే నిష్పత్తి దొరుకుతుంది. ఆ మూడు ట్రయల్స్‌కీ సిలిండర్ తూకం మాత్రం మానకండి, ఎందుకంటే దిగుబడి సవరించని ట్రయల్‌లో సిమెంటు ఎంతుందో మీకే తెలియదు, ఆ గ్రాఫ్ దేనికీ పనికిరాదు.